వేడి ఆవిర్లకు సోయా, అవిసె గింజలు, మూలికలు – రొమ్ము క్యాన్సర్ తరువాత ఎంతవరకు?

మా స్త్రీల కూడిక ముగిసి టీ తాగే వేళ నాలుగైదు సంవత్సరాలుగా ఒకే ప్రశ్న రకరకాల రూపాలలో వినబడుతోంది. "క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్ళు మీల్ మేకర్ తినకూడదట గదా?" అని ఒకరు అడుగుతారు. "అవిసె గింజలు తింటే ఒంట్లో ఆవిర్లు తగ్గుతాయట, నిజమేనా?" అని ఇంకొకరు. "మూలికల మందే కదండీ, ఏం చేస్తుంది?" అని మరొకరు తామే ప్రశ్న వేసి తామే జవాబు చెప్పుకుంటారు. ఈ మూడు ప్రశ్నలూ మా ఇంటిలోనికే వచ్చాయి గనుక, మేము చదివి తెలుసుకున్నదీ, దగ్గరుండి చూసినదీ తోటి సహోదరీలకు చెప్పాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మేము అక్కచెల్లెళ్ళం ముగ్గురం. రాస్తున్నది చిన్నవాళ్ళం ఇద్దరం. మాలో ఒకరిది ముప్పై ఏళ్ల నర్సు ఉద్యోగం, ఇంకొకరిది హైస్కూలులో సైన్సు పాఠాలు. మా పెద్దక్కకు 51వ ఏట ఎడమ రొమ్ములో గడ్డ కనబడింది. ఆపరేషన్, కీమోథెరపీ, రేడియేషన్ అన్నీ అయ్యాయి. గడ్డను పరీక్షించిన రిపోర్టులో "ఇ.ఆర్. పాజిటివ్" అని ఉంది. అంటే ఆ క్యాన్సర్ కణాలు శరీరంలోని ఈస్ట్రోజెన్ హార్మోనును పట్టుకొని పెరిగే రకమని అర్థం. అందుచేత రోజుకు 20 మిల్లీగ్రాముల టామోక్సిఫెన్ మాత్ర ఐదు సంవత్సరాలు వేసుకోమన్నారు. ఈ మాత్ర రొమ్ము కణాలలో ఈస్ట్రోజెన్ కూర్చునే చోట ముందుగా తాను కూర్చుని, దానికి చోటు లేకుండా చేస్తుంది.

కీమోథెరపీ మధ్యలోనే అక్కకు ముట్లు ఆగిపోయాయి. మామూలుగా కొన్ని సంవత్సరాలలో మెల్లమెల్లగా రావలసిన మార్పు నాలుగు నెలలలో వచ్చేసింది. పైన టామోక్సిఫెన్ ఒకటి. ఈస్ట్రోజెన్ తగ్గినప్పుడు మెదడులో శరీర ఉష్ణాన్ని సరిచూసే భాగం అతి సున్నితమైపోతుంది. ఒంటి వేడి ఏ కొంచెం పెరిగినా, "చాలా వేడెక్కింది" అనుకొని చర్మంలోని రక్తనాళాలను తెరిచి చెమట పోయిస్తుంది. గుండెల మీద నుంచి మెడకు, ముఖానికి మంట పాకుతుంది, జాకెట్టు తడిసిపోతుంది, రెండు మూడు నిమిషాలు గడిచాక చలి వేస్తుంది. రాత్రిళ్ళు అక్క మూడుసార్లు దిండు గలేబు మార్చుకొనేది. పగలు ఏ పనీ తోచేది కాదు. చివరకు ఒకరోజు, "ఈ మాత్ర మానేస్తానే, ఏమైతే అదే అవుతుంది" అన్నది. అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఆవిర్లు ప్రాణాలు తీయవు. కాని ఆవిర్లు భరించలేక టామోక్సిఫెన్ మధ్యలో మానేసే స్త్రీలు చాలామంది ఉన్నారు, ఆ మానడం వలన క్యాన్సర్ తిరిగి వచ్చే అవకాశం పెరుగుతుంది.

మామూలు స్త్రీలకు ఆవిర్లు భరించలేనంతగా ఉన్న యెడల వైద్యులు ఈస్ట్రోజెన్ మాత్రలే ఇస్తారు, అవి బాగా పనిచేస్తాయి. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారికి ఆ దారి లేదు. స్వీడన్ వైద్యుల ఆధ్వర్యంలో "హాబిట్స్" అనే పేరుతో ఈ విషయం మీదనే ఒక పరీక్ష జరిగింది. హార్మోన్లు తీసుకున్న స్త్రీలలో క్యాన్సర్ తిరిగి రావడం స్పష్టంగా ఎక్కువగా కనబడటంతో 2003 డిసెంబరులో దానిని మధ్యలోనే ఆపివేశారు. కాబట్టి మా అక్కలాంటివారు వంటింటి వైపు, మూలికల వైపు చూడటం సహజమే. చూడటంలో తప్పు లేదు. అయితే వంటింటిలో ఉన్నదీ సీసాలో ఉన్నదీ ఒకటి కాదు. మొదట సోయా సంగతి చూద్దాం.

సోయా చిక్కుడు గింజలో ఐసోఫ్లేవోన్లు అనే పదార్థాలున్నాయి. వాటిలో ముఖ్యమైనది జెనిస్టీన్. దాని ఆకారం కొంతవరకు ఈస్ట్రోజెన్‌ను పోలి ఉంటుంది. పేరు వినగానే భయం పుట్టడానికి కారణం అదే. ఈ భయం ఉత్త పుకారు కాదు. మనుష్యుల రొమ్ము క్యాన్సర్ కణాలను అండాశయాలు తీసివేసిన ఎలుకలకు అంటించి జెనిస్టీన్ పెట్టినప్పుడు గడ్డలు పెరిగాయి. టామోక్సిఫెన్ ఇస్తున్న ఎలుకలలో కూడా ఆ మందు పనిని జెనిస్టీన్ తగ్గించింది. ఇది తెలిసిన వైద్యులు చాలాకాలం "సోయా వద్దు" అనే చెప్పారు. అక్కకు డిశ్చార్జి అయినప్పుడు ఇచ్చిన కాగితంలో కూడా ఆ మాటే ఉంది.

కాని ఎలుక వేరు, మనిషి వేరు. మన పేగులు, కాలేయం జెనిస్టీన్‌ను వేరే పదార్థంతో జతచేసి చాలావరకు దాని జోరు తగ్గిస్తాయి. ఎలుకల రక్తంలో అది విడిగా, చురుకుగా చాలా ఎక్కువ తిరుగుతుంది. రెండో సంగతి, ఈస్ట్రోజెన్ కూర్చునే పీటలు శరీరంలో రెండు రకాలున్నాయి. రొమ్ము కణాన్ని పెరగమని తొందరపెట్టేది ఆల్ఫా రకం. సోయా పదార్థం ఎక్కువగా పోయి కూర్చునేది బీటా రకం మీద. అందుచేత "ఈస్ట్రోజెన్‌లా ఉంది గనుక ఈస్ట్రోజెన్ పనే చేస్తుంది" అనడానికి వీలు లేదు.

ఇక మనుష్యుల సంగతి. చైనాలోని షాంఘై నగరంలో రొమ్ము క్యాన్సర్‌కు వైద్యం పొందిన 5,042 మంది స్త్రీలు ఏమేమి తింటున్నారో అడిగి రాసుకొని, సుమారు నాలుగు సంవత్సరాల పాటు గమనించారు. 2009లో ఆ ఫలితాలు అమెరికా వైద్య సంఘం వారి పత్రికలో వచ్చాయి. సోయా ఎక్కువగా తిన్నవారిలో క్యాన్సర్ తిరిగి రావడం, అతి తక్కువగా తిన్నవారితో పోలిస్తే, మూడో వంతు దాకా తక్కువగా ఉంది. టామోక్సిఫెన్ వేసుకుంటున్నవారిలోనూ హాని కనబడలేదు. రోజుకు సుమారు 11 గ్రాముల సోయా ప్రొటీను వరకు మేలు పెరుగుతూ వచ్చింది, ఆపైన పెరగలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త మాట చెప్పాలి. అది చూసి రాసుకున్న లెక్క, తినిపించి చేసిన పరీక్ష కాదు. షాంఘై స్త్రీలు చిన్ననాటి నుండి టోఫు తిన్నవారు. సోయా ఎక్కువగా తినేవారు వేరే విధాలుగా కూడా ఆరోగ్యంగా ఉండి ఉండవచ్చు. కాబట్టి "సోయా తింటే క్యాన్సర్ రాదు" అని దీని నుండి తీయకూడదు. "కూరలో తిన్న సోయా హాని చేయలేదు" అనేంతవరకు నమ్మకంగా చెప్పవచ్చు. అమెరికన్ క్యాన్సర్ సొసైటీవారు ఇప్పుడు చెబుతున్నదీ అదే: ఆహారంగా సోయా తినవచ్చు, సోయా మాత్రలు, పొడులు మాత్రం వద్దు.

11 గ్రాముల ప్రొటీను అంటే మన వంటింటి లెక్కలో ఎంత? మీల్ మేకర్‌లో సగం ప్రొటీనే. కాబట్టి నానబెట్టక ముందు 20 గ్రాములు, అంటే చిన్న గుప్పెడు మీల్ మేకర్ చాలు. అవి నీళ్ళు పీల్చుకొని ఉబ్బితే కూరగిన్నె నిండినట్టే కనబడుతుంది. లేదా ఒక గ్లాసు సోయా పాలు, కొంచెం టోఫు. ఇంత ఏ రోజు తిన్నా అక్కకు ఇబ్బంది లేదని క్యాన్సర్ డాక్టరుగారు తరువాత స్వయంగా చెప్పారు. సోయా నూనె గురించి కూడా అడిగేవారున్నారు. శుద్ధి చేసిన సోయా నూనెలో ఈ ఐసోఫ్లేవోన్లు దాదాపు ఉండవు గనుక ఆ విషయంలో దిగులు అక్కరలేదు.

అదే పదార్థాన్ని గింజలో నుండి తీసి గుళికలో చిక్కగా నింపితే సంగతి మారుతుంది. ఒక గ్లాసు సోయా పాలలో ఐసోఫ్లేవోన్లు సుమారు 25 మిల్లీగ్రాములుంటే, ఒక్క గుళికలో అంతకు రెండు మూడు రెట్లుండవచ్చు, రోజుకు రెండు వేసుకోమని సీసా మీద ఉంటుంది. న్యూయార్కులో 140 మంది రొమ్ము క్యాన్సర్ స్త్రీలకు, బయాప్సీకి ఆపరేషనుకు మధ్య ఉన్న కొద్ది రోజులలో, కొందరికి సోయా ప్రొటీను పొడిని, కొందరికి అలాగే కనబడే వేరే పొడిని ఇచ్చి చూశారు. 2014లో వచ్చిన ఫలితంలో, సోయా పొడి తీసుకున్న కొందరి గడ్డలలో కణాల పెరుగుదలకు సంబంధించిన జన్యువులు ఎక్కువ చురుకుగా కనబడ్డాయి. దాని వలన వారికి నిజంగా హాని జరిగిందని ఎవరూ చూపలేదు. అయినా చేతిలో కూరగిన్నె ఉండగా ఆ సందేహాన్ని కొనుక్కోవలసిన అవసరం లేదని మా అభిప్రాయం.

ఇంతకీ సోయాతో ఆవిర్లు తగ్గుతాయా? ఈ ప్రశ్నే చాలామంది మరచిపోతారు. 2000 సంవత్సరంలో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు, మరికొన్ని ఆసుపత్రులవారు కలిసి 177 మంది రొమ్ము క్యాన్సర్ తగ్గిన స్త్రీలకు సోయా మాత్రలు, వట్టి మాత్రలు ఇచ్చి పోల్చారు. సోయా మాత్ర వట్టి మాత్రకంటే మెరుగు కాలేదు. కాబట్టి సోయా కూర ప్రొటీను కోసం తినండి, రుచి కోసం తినండి, ఆవిర్ల మందుగా మాత్రం కాదు.

అవిసె గింజల కథ మాకు ఇంకా ఆసక్తిగా తోచింది. (కొందరు అవిసె అంటే ఆకు, పువ్వు కూర వండుకునే చెట్టు అనుకుంటారు. అది వేరు. ఇవి గోధుమ రంగులో, నున్నగా నువ్వులకంటే కొంచెం పెద్దగా ఉండే గింజలు, నార తీసే మొక్కవి.) వీటిలో లిగ్నాన్లు అనే పదార్థాలున్నాయి. ఇవి కూడా పేగులలో మార్పు చెంది చాలా బలహీనమైన ఈస్ట్రోజెన్ వంటివి అవుతాయి. మేయో క్లినిక్‌లో సుమారు 30 మంది స్త్రీలకు రోజుకు 40 గ్రాముల అవిసె పొడి ఆరు వారాలు ఇచ్చారు, ఆ ఫలితాలు 2007లో వచ్చాయి. ఆవిర్లు సగానికి సగం తగ్గాయి! ఈ వార్తే పత్రికలలోకి, టి.వి.లోకి, మన ఫోనుల్లోకి వచ్చింది. ఇప్పటికీ తిరుగుతున్నది అదే.

తరువాత జరిగిన దానిని మాత్రం ఎవరూ పంపరు. అదే వైద్యులు ఆ ఫలితాన్ని తామే నమ్మకుండా మళ్ళీ పరీక్షించారు. ఈసారి 188 మంది. సగం మందికి అవిసె పొడి కలిపిన బిస్కెట్టు లాంటి బారు, సగం మందికి చూడటానికి అలాగే ఉండి అవిసె లేని బారు. ఎవరిది ఏదో తినేవారికి తెలియదు. ఆరు వారాల తరువాత, 2012లో వచ్చిన ఫలితం ఇది: అవిసె తిన్నవారిలో మూడో వంతు మందికి పైగా ఆవిర్లు సగానికి తగ్గాయి. అవిసె లేని బారు తిన్నవారిలో కూడా సరిగ్గా అంతమందికే తగ్గాయి. అంటే తగ్గించినది గింజ కాదు. ఆవిర్లు వాటంతట అవే హెచ్చుతగ్గులవుతాయి. ఏదో చేస్తున్నాము అనే ధైర్యం, రోజూ లెక్క రాసుకోవడం కూడా కొంత తగ్గిస్తాయి.

మేము ఇది చదివేనాటికే అక్క అవిసె పొడి మొదలుపెడతానని పట్టుపట్టింది. సరే, గుడ్డిగా కాకుండా లెక్కపెట్టి చూద్దామనుకున్నాము. పరిశోధకులు వాడే పద్ధతి ఏమీ కష్టమైనది కాదు. గోడ క్యాలెండరు చాలు. ప్రతి ఆవిరికీ ఒక అంకె వేయాలి. కొంచెం వెచ్చగా అనిపించి పోతే 1, చెమట పడితే 2, చేస్తున్న పని ఆపవలసి వస్తే 3, బట్టలు మార్చుకోవలసి వస్తే 4. రోజు చివర అన్నీ కూడాలి. మొదటి వారం ఏ మందూ, ఏ గింజా తినకుండా రాసుకోవాలి, లేకపోతే దేనితో పోల్చాలో తెలియదు.

అక్క మొదటి వారంలో ఒకరోజు ఇలా ఉంది: వెచ్చనివి మూడు, చెమటవి నాలుగు, పని ఆపినవి రెండు. అంటే మూడు, ఎనిమిది, ఆరు కలిపి 17. వారం మొత్తానికి రోజు సగటు కూడా దాదాపు అంతే వచ్చింది. ఆ తరువాత రోజుకు రెండు పెద్ద చెంచాల అవిసె పొడి, అంటే సుమారు 15 గ్రాములు, మజ్జిగలో కలుపుకొని తాగింది. ఆరు వారాలయ్యేసరికి సగటు 12కి దిగింది. అక్క ముఖం వెలిగిపోయింది. "చూశారా, మీ పుస్తకాలు!" అన్నది. మేము ఏమీ అనకుండా, "రెండు వారాలు ఆపి చూడక్కా" అన్నాము. అయిష్టంగానే ఆపింది. రెండు వారాలకు సగటు 11. గింజలే తగ్గించి ఉంటే, ఆపినప్పుడు మళ్ళీ పెరగాలి గదా? పెరగలేదు. ఒక్క మనిషి క్యాలెండరుతో లోకానికంతటికీ తీర్పు చెప్పలేము గాని, పెద్ద పరీక్ష చెప్పినదానికి ఇది ఎదురు పలకలేదు.

అయితే అక్క అవిసె పొడి పూర్తిగా మానలేదు, మేము మానమనలేదు. మలబద్ధకానికి అది బాగా పనిచేసింది. ఆహారంగా ఒకటి రెండు చెంచాలు తినడం వలన రొమ్ము క్యాన్సర్ స్త్రీలకు హాని జరిగినట్టు కనబడలేదు. తినే పద్ధతి మాత్రం తెలుసుకోవాలి. గింజ గింజగా మింగితే జీర్ణం కాకుండా అలాగే బయటికి పోతుంది, పొడి చేయాలి. పొడి చేశాక దానిలోని నూనె త్వరగా చిక్కువాసన పడుతుంది గనుక వారానికి సరిపడా మాత్రమే దంచి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టాలి. చేదుగా, పాత నూనె వాసన వస్తే పారేయండి. నీళ్ళు తగలగానే జిగురవుతుంది గనుక ఒక పెద్ద గ్లాసు నీళ్ళతో తీసుకోవాలి. నీళ్ళు తక్కువైతే మలబద్ధకం పోవడానికి బదులు పేగులో గట్టిపడుతుంది. ఆ జిగురే మాత్రలను కూడా పట్టుకుంటుంది, కాబట్టి మందులకు, దీనికి మధ్య రెండు గంటలైనా ఎడం ఉండాలి. పేగు ఎప్పుడైనా ముడిపడి ఆపరేషన్ అయినవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు.

ఇక సీసా. అక్క పరిస్థితి చూసి పక్కింటి ఆవిడ జాలిపడి ఒక సీసా తెచ్చి ఇచ్చింది. "వదినగారూ, అంతా ఆకులు వేళ్ళే. మా ఆడపడుచుకు ఎంత బాగా పనిచేసిందో!" అన్నది. ఆమె ప్రేమకు వంక పెట్టలేము. వాళ్ళ ఆడపడుచుకు క్యాన్సర్ లేదు, టామోక్సిఫెన్ లేదు, తేడా అంతే. మేము భూతద్దం తీసుకొని లేబులు చదివాము. శతావరి, అశోక పట్ట, లొద్దుగ పట్ట, అతిమధురం, ఇంకా ఏడెనిమిది ఉన్నాయి. దేనికి ఎంత అన్న లెక్క సగం వాటికి లేదు.

శతావరి అంటే మన పిల్లితేగలు. బాలింతలకు పాలు పడటానికి ఇచ్చే గడ్డ అది. హార్మోన్ల మీద దాని ప్రభావం ఉందనే నమ్మకంతోనే ఇస్తారు. ఆ ప్రభావం ఉన్నమాట నిజమైతే మా అక్కకు అదే చిక్కు, లేకపోతే దానివలన ప్రయోజనం లేదు. ఈ మాట విని పక్కింటి ఆవిడ కూడా నవ్వింది. ఇ.ఆర్. పాజిటివ్ క్యాన్సర్ తరువాత అది క్షేమమని చూపిన సరైన పరీక్ష మాకు కనబడలేదు. సోయాకు షాంఘైలో వేలమంది స్త్రీలున్నారు, దీనికి ఎవరూ లేరు. అతిమధురం సంగతి ఇంకా తేటగా తెలుసు. దగ్గుకు చిన్న ముక్క చప్పరించడం వేరు. రోజూ నెలల తరబడి తీసుకుంటే శరీరంలో ఉప్పు, నీరు నిలిచి రక్తపోటు పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. కాళ్ళు వాచడం, కండరాలు నీరసించడం, గుండె దడ దాని గుర్తులు. అక్కకు ముందే బి.పి. ఉంది.

అమెరికా మూలిక బ్లాక్ కోహోష్ కూడా ఈమధ్య మన మందుల షాపుల్లో, ఫోనులో ఆర్డరు ఇచ్చే చోట్ల దొరుకుతోంది. ఆవిర్లకు లోకంలో అతి ఎక్కువగా అమ్ముడయ్యే మూలిక ఇదే కావచ్చు. 2006లో 132 మంది స్త్రీల మీద, మేయోవారితో కలిసి పనిచేసే వైద్యులే పరీక్షించారు. వట్టి గుళికకంటే ఏమీ ఎక్కువ చేయలేదు. అరుదుగానైనా కాలేయం దెబ్బతిన్న సంఘటనలు బయటపడినందున ఆస్ట్రేలియా, బ్రిటన్ ప్రభుత్వాలు సీసా మీద హెచ్చరిక రాయించాయి. ఇలాంటివి వాడుతున్నవారికి కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో పోయినా, ఆకలి చచ్చి కడుపు కుడివైపు నొప్పి వచ్చినా ఆ రోజే ఆపి, కాలేయ పరీక్ష చేయించుకోవాలి.

వీటన్నిటికంటే తక్కువగా తెలిసిన సంగతి ఒకటుంది. టామోక్సిఫెన్ మింగినది మింగినట్టుగా పూర్తిగా పనిచేయదు. కాలేయం దానిని ఎండాక్సిఫెన్ అనే బలమైన రూపంలోకి మార్చాలి. ఆ మార్పును చెడగొట్టేది ఏదైనా, అక్క రోజూ మాత్ర వేసుకుంటున్నా, తక్కువ మాత్ర వేసుకున్నట్టే అవుతుంది. బయటికి ఏ గుర్తూ ఉండదు, అదే దీనిలోని మోసం. సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక మనసు బాగోలేనివారికి, ఆవిర్లకు అమ్ముతారు. అది కాలేయాన్ని తొందరపెట్టి అనేక మందులను త్వరగా ఖర్చు చేయిస్తుంది. పసుపు నుండి తీసిన కర్‌క్యుమిన్ గుళికలు, ముఖ్యంగా మిరియాల సారం కలిపినవి, ఎండాక్సిఫెన్‌ను కొంత తగ్గిస్తాయని నెదర్లాండ్స్‌లో 2019లో చేసిన చిన్న పరీక్షలో కనబడింది. పప్పులో వేసే చిటికెడు పసుపుకు, ఆ గుళికకు పోలిక లేదు, దయచేసి ఎవరూ పసుపు డబ్బా పారేయవద్దు. మూలికలే కాదు, డాక్టరు రాసే మందులలోనూ ఇలాంటివి ఉన్నాయి. ఆవిర్లకు కొందరికి ఇచ్చే పారోక్సెటిన్, దిగులుకు ఇచ్చే ఫ్లూఆక్సెటిన్ ఈ మార్పును గట్టిగా అడ్డుకుంటాయి. కాబట్టి ఎవరి దగ్గరకు వెళ్ళినా, పళ్ళ డాక్టరైనా సరే, "టామోక్సిఫెన్ వాడుతున్నాను" అని ముందుగా చెప్పాలి.

మేము క్యాలెండరు కాగితాలు, ఆ సీసా రెండూ తీసుకొని అక్కతో క్యాన్సర్ డాక్టరు దగ్గరకు వెళ్ళాము. ఆయన సీసా లేబులు చదివి పక్కన పెట్టారు. క్యాలెండరును మాత్రం శ్రద్ధగా చూశారు. "మాత్ర మానేయాలని ఉందా అమ్మా?" అని అడిగారు. అక్క తల వంచుకొని "ఉందండీ" అన్నది. ఆయన వెన్లాఫాక్సిన్ రాశారు, వారం పాటు 37.5 మిల్లీగ్రాములు, తరువాత 75. ఇది దిగులుకు వాడే మందే, కాని ఎండాక్సిఫెన్ తయారీని అంతగా అడ్డుకోదు. 2000లో వచ్చిన పరీక్షలో 75 మిల్లీగ్రాములు తీసుకున్న స్త్రీలలో ఆవిర్ల లెక్క 61 శాతం తగ్గింది, వట్టి మాత్ర తీసుకున్నవారిలో 27 శాతం. ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడాయే మందు చేసిన పని. అవిసె గింజల పరీక్షలో లేనిది ఆ తేడాయే.

మొదటి వారం అక్కకు వికారం, నోరు ఎండటం ఉన్నాయి. బి.పి. పెరగవచ్చు గనుక వారానికి రెండుసార్లు చూశాము, పెరగలేదు. నాలుగు వారాలకు క్యాలెండరు సగటు 6. రాత్రి లేవడం మూడుసార్ల నుండి ఒకసారికి వచ్చింది. ఈ మందును ఉన్నట్టుండి ఆపకూడదు, ఆపితే తలతిరుగుడు, చిరాకు వస్తాయి, డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి. ఇది పడనివారికి రాత్రిపూట గాబాపెంటిన్ వంటివి ఇస్తారు. రొమ్ము క్యాన్సర్ మాత్రలు వాడే స్త్రీల మీదనే పరీక్షించిన ఎలిన్‌జానెటాంట్ అనే కొత్త మందు ఫలితాలు 2025లో వచ్చాయి, హార్మోను కానిది, మెదడులోని ఆ ఉష్ణ భాగం మీదనే పనిచేస్తుంది.

అక్క ఇప్పుడు వారానికి రెండుసార్లు మీల్ మేకర్ కూర వండుతుంది. ఆమెకు థైరాయిడ్ మాత్ర కూడా ఉంది. సోయా ఆ మాత్ర ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది గనుక, తెల్లవారుజామున పరగడుపున మాత్ర, మధ్యాహ్నం భోజనంలోనే సోయా, మధ్య నాలుగు గంటలకు తక్కువ కాకుండా చూసుకుంటుంది. అవిసె పొడి రాత్రి మజ్జిగలో. క్యాలెండరులో ఇంకొక గడి కూడా మేము గీయించాము. ముట్లు ఆగిపోయాక ఒక్క చుక్క రక్తం కనబడినా అందులో తేదీ వేసి, మరునాడే డాక్టరుకు చెప్పాలి. టామోక్సిఫెన్ అరుదుగా గర్భసంచి లోపొరలో క్యాన్సర్‌కు దారి తీయవచ్చు, ఆ రక్తాన్ని "వేడి చేసింది" అనో, ఏదో మూలిక పడలేదనో అనుకొని ఊరుకోవడానికి వీలులేదు. ఇంతవరకు ఆ గడి ఖాళీగానే ఉంది.